జీతం నెట్‌నే ఖర్చుగా రాసుకుంటూ పోయాను, ఇప్పుడు జనవరి పీఎఫ్ కనిపిస్తలేదు

మిర్చియార్డ్_పద్దులు · 13 జులై 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను వరంగల్‌లో విత్తనాలు, ఎరువుల వ్యాపారం చేసే ఒక పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లో అకౌంటెంట్‌ని. 22 మంది స్టాఫ్. చేరి ఏడాదిన్నర అయింది, అంతకుముందు జీతాల పని ఎప్పుడూ చూడలేదు, పాత అకౌంటెంట్ ఎట్లా రాసేవాడో నేనూ అట్లనే రాసుకుంటూ వచ్చాను.

నేను రాసే పద్ధతి ఇది. జీతాలు బ్యాంకులోంచి పోయిన రోజు, పోయిన మొత్తాన్ని జీతాల ఖర్చు అని ఒకే పేమెంట్ ఎంట్రీ. పీఎఫ్ చలానా కట్టిన రోజు ఆ మొత్తాన్ని పీఎఫ్ ఖర్చు అని ఇంకో ఎంట్రీ. మేనేజర్ గారికి టీడీఎస్ కట్ చేస్తాం, అది కట్టిన రోజు మరో ఎంట్రీ. అంతే.

మొన్న మా గోడౌన్ గుమాస్తా ఫోన్‌లో ఉమాంగ్ తెరిచి "తమ్మీ, జనవరి పీఎఫ్ పడలేదేంది" అని అడిగాడు. చూస్తే నిజమే, డిసెంబర్ ఉంది, ఫిబ్రవరి ఉంది, జనవరి లేదు. నాకైతే కట్టినట్టే గుర్తు. టాలీలో వెతికితే కట్టినట్టు ఎంట్రీ లేదు, కానీ కట్టలేదని చెప్పే ఎంట్రీ కూడా ఎక్కడా లేదు. ఐదు నెలలుగా ఎవరికీ ఎందుకు కనిపించలేదో అర్థం కావట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. నా ఎంట్రీల పద్ధతే తప్పా?

కాజీపేట_ట్రేడర్ · రాత్రి 10:05

తప్పేం లేదు తమ్మీ. నేను 15 ఏండ్లుగా గట్లనే రాస్తున్న. జీతం నెట్ పోయింది ఖర్చు, పీఎఫ్ పోయింది ఖర్చు, టీడీఎస్ పోయింది ఖర్చు. మూడూ కలిపితే అదే మొత్తం వస్తది కదా, గ్రాస్ అని రాసి మళ్లా విడగొట్టడం ఎందుకు? చేతిలోంచి పోయిన పైసలే ఖర్చు. జనవరి చలానా కట్టడం మరిచిపోయినవ్, కట్టెయ్, అయిపోయె.

సుబేదారి_పేరోల్ · రాత్రి 10:50

మొత్తం ఒకటే వస్తుందన్న మాట నిజమే అన్నా, కాదనను. అది అన్నీ సమయానికి కట్టిన ఏడాదికి. కట్టనిది ఒక్కటి ఉన్నా, అది ఎక్కడా కనిపించకుండా పోవడానికి కారణం కూడా ఆ పద్ధతే.

మిర్చియార్డ్ తమ్ముడూ, మీ మేనేజర్ గారి మే నెల పే స్లిప్ అంకెలు పెట్టు, పేరు వద్దు. ఆ ఒక్క మనిషి మీద చూపిస్తే నీకే అర్థమవుతుంది.

మిర్చియార్డ్_పద్దులు · రాత్రి 11:10

అక్కా, ఇవిగో. నెలకు గ్రాస్ 1,25,000. అందులో బేసిక్ 62,500. పీఎఫ్ 15,000 సీలింగ్ మీదనే కడతాం కాబట్టి 1,800. ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. టీడీఎస్ 8,125. చేతికి 1,14,875. టీడీఎస్ అంకె సీఏ గారి ఆఫీసు వాళ్లు చెప్పింది, ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.

సుబేదారి_పేరోల్ · 14 జులై, ఉదయం 6:30

ముందు టీడీఎస్ సంగతి, ఎందుకంటే అంకె ఎట్లా వచ్చిందో తెలియకుండా పుస్తకంలో రాయొద్దు. నెలకు 1,25,000 అంటే ఏడాదికి 15 లక్షలు. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 14,25,000. ఈ ఏడాది, అంటే 2025-26 స్లాబుల్లో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 వరకు 5 శాతం, 20,000. 8 నుంచి 12 వరకు 10 శాతం, 40,000. పైన మిగిలిన 2,25,000 మీద 15 శాతం, 33,750. మొత్తం 93,750, దాని మీద 4 శాతం సెస్ 3,750, కలిపి 97,500. పన్నెండు నెలలకు పంచితే 8,125. మీ సీఏ ఆఫీసు లెక్క సరిగ్గానే ఉంది. దసరాకి బోనస్ ఇస్తే మాత్రం ఇదే అంకె మార్చి దాకా నడవదు, ఏడాది మొత్తం మళ్లీ లెక్కగట్టి మిగిలిన నెలల మీద సర్దాలి.

ఇప్పుడు అసలు విషయం. మే నెలంతా ఆయన పని చేశాడు, దానికి ఫర్మ్ ఒప్పుకున్న ధర 1,25,000. మే 31 నాటికి ఆ ఖర్చు అయిపోయింది, పైసలు ఇంకా పోకపోయినా సరే. ఆ 1,25,000 ఎవరెవరికి ఇవ్వాలి అన్నదే మిగతా కథ. 1,14,875 ఆయనకు. 1,800 ఆయన తరఫున పీఎఫ్‌కి. 8,125 ఆయన తరఫున ఆదాయపు పన్ను శాఖకి. 200 ఆయన తరఫున రాష్ట్ర ప్రభుత్వానికి. కట్ చేసిన రూపాయి మీ ఫర్మ్‌ది కాదు, ఆయనది. ఇచ్చేదాకా మీ దగ్గర ఉంది, అంతే. అందుకే అది అప్పు వైపు కూర్చోవాలి.

టాలీలో F7 కొట్టి నెలాఖరు తేదీతో ఇట్లా రాయి:

```
జీతాల ఖర్చు             డెబిట్   1,25,000
  పీఎఫ్ చెల్లించాలి       క్రెడిట్     1,800
  టీడీఎస్ చెల్లించాలి      క్రెడిట్     8,125
  ప్రొఫె. ట్యాక్స్ చెల్లించాలి క్రెడిట్       200
  జీతం చెల్లించాలి        క్రెడిట్  1,14,875
```

ఇది ఆయన జీతంలోంచి పోయేది. మీ ఫర్మ్ తన జేబులోంచి వేసేది వేరే ఉంది, దానికి రెండో ఎంట్రీ. 15,000 మీద యజమాని వాటా 12 శాతం అంటే 1,800, అందులో 1,250 పెన్షన్‌కి పోతుంది, 550 పీఎఫ్‌కి. ఇన్సూరెన్స్ అర శాతం 75, అడ్మిన్ చార్జీలు అర శాతం 75. కలిపి 1,950.

```
యజమాని పీఎఫ్ ఖర్చు      డెబిట్     1,950
  పీఎఫ్ చెల్లించాలి       క్రెడిట్     1,950
```

ఇప్పుడు పీఎఫ్ చెల్లించాలి ఖాతాలో ఆయన పేరు మీద 3,750 నిలిచింది. జూన్‌లో చలానా కట్టిన రోజు F5లో ఆ 3,750 డెబిట్, బ్యాంకు క్రెడిట్. ఆ రోజు ఖర్చు ఖాతా ముట్టుకోవద్దు, ఖర్చు నెలాఖరునే రాసేశాం. జీతం పంపిన రోజూ అంతే, జీతం చెల్లించాలి అన్న ఖాతా డెబిట్.

కాజీపేట అన్న చెప్పినట్టు మొత్తం చూడండి. ఈ పద్ధతిలో ఖర్చు 1,25,000 ప్లస్ 1,950, అంటే 1,26,950. ఆయన పద్ధతిలో 1,14,875, 8,125, 200, 3,750 కలిపితే 1,26,950. పైసా తేడా లేదు. కానీ ఆయన పద్ధతిలో పీఎఫ్ కట్టకపోతే ఖర్చు 3,750 తగ్గి లాభం 3,750 పెరిగినట్టు కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు, పైగా సేట్ సంతోషపడతాడు. నా పద్ధతిలో కట్టకపోతే ఆ 3,750 అప్పు వైపు అట్లనే నిలబడి మొహం మీద కనిపిస్తుంది.

కాజీపేట_ట్రేడర్ · ఉదయం 7:45

సరే అక్కా, ఈ కోణం నేను ఆలోచించలే. మాకు ఆరుగురే పనోళ్లు, పీఎఫ్ లేదు, అందుకే దెబ్బ తగల్లేదనుకుంట.

కరీంనగర్_టీచరమ్మ · ఉదయం 8:20

నాకూ ఇదే సమస్య అండీ. నేను ఒక ప్రైవేట్ స్కూల్లో చేస్తాను. నా జీతంలోంచి నెలకు 3,600 పీఎఫ్ కట్ చేస్తున్నారు. పై లెక్క ప్రకారం నాది 1,800 కదా. మిగతా 1,800 యజమాని వాటా నా దగ్గరే లాగుతున్నట్టే కదా? ఇది ఎక్కడ కంప్లైంట్ చేయాలి?

మిర్చియార్డ్_పద్దులు · ఉదయం 8:35

మేడమ్, నా ప్రశ్న ఎంట్రీల గురించి...

సుబేదారి_పేరోల్ · ఉదయం 9:00

పర్వాలేదు తమ్ముడూ, ఆ ప్రశ్న కూడా ఇక్కడికే వస్తుంది.

టీచర్ గారూ, మీ ఆఫర్ లెటర్ ఒకసారి చూడండి. అందులో చెప్పిన మొత్తం సీటీసీ అయితే, యజమాని వాటా కూడా దాంట్లోనే కలిపి చెప్పి ఉంటారు. అప్పుడు స్లిప్‌లో ఆ 1,800 ముందు పైన కలిపి, కింద తీసి చూపిస్తారు. చూడ్డానికి బాగుండదు కానీ మీకు ఒప్పుకున్న గ్రాస్ మీదనుంచి పోయింది కాదు. అట్లా కాకుండా మీకు ఒప్పుకున్న గ్రాస్ జీతంలోంచే రెండు వాటాలూ కోస్తుంటే అది తప్పు, యజమాని వాటాను ఉద్యోగి వేతనంలోంచి తీయకూడదని పీఎఫ్ స్కీమ్‌లోనే ఉంది. స్లిప్ పైభాగంలో "యజమాని పీఎఫ్" అనే లైను ఉందా లేదా చూసి చెప్పండి.

కరీంనగర్_టీచరమ్మ · ఉదయం 9:25

పైన ఆ లైను లేదు. కింద మాత్రం "పీఎఫ్ 3,600" అని ఒకటే ఉంది. ఆఫర్ లెటర్ ఇయ్యనే ఇయ్యలేదు, నోటి మాటే. పాస్‌బుక్‌లో అయితే నా పేరు మీద 1,800, యజమాని కింద 550, పెన్షన్ కింద 1,250 పడుతున్నయి.

పోచమ్మమైదాన్_గిరి · ఉదయం 9:50

మేడమ్, అట్లయితే మీ పైసలే వాళ్ల పేరు మీద కడుతున్నట్టే ఉంది. చేరినప్పుడు మొదటి నెల ఎంత చేతికి ఇస్తామన్నారో, మెసేజ్ ఏమైనా ఉందేమో వెతికిపెట్టుకోండి, నోటి మాట మీద ఎవరూ వినరు.

అక్కా, నాదొక చిన్న డౌటు. మా దగ్గర హమాలీ మేస్త్రీకి 10,000 అడ్వాన్స్ ఇచ్చి నెలకు 2,000 కోస్తాం. అది కూడా "చెల్లించాలి" ఖాతాలోకే పోవాలా?

సుబేదారి_పేరోల్ · ఉదయం 10:15

కాదు గిరీ. అది బయట ఎవరికో కట్టాల్సింది కాదు కదా, మీకు తిరిగి రావాల్సింది. ఇచ్చిన రోజు అడ్వాన్స్ ఖాతాలో 10,000 డెబిట్ పడింది. కోసినప్పుడు అదే ఖాతాను 2,000 క్రెడిట్ చెయ్యి, ఐదు నెలలకు అది సున్నా అవుతుంది. కోతలన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ ఎవరి పైసలు అన్నది చూడాలి. చాలా మంది అడ్వాన్స్ కోత కూడా జీతం తగ్గించి రాస్తారు, అప్పుడు ఏడాది చివర ఆ అడ్వాన్స్ ఇంకా రావాల్సినట్టే కనిపిస్తుంది.

మిర్చియార్డ్_పద్దులు · 15 జులై, రాత్రి 11:30

అక్కా, రెండు రోజులు కూర్చొని 2024-25 మొత్తం పన్నెండు నెలలు మీరు చెప్పినట్టు మళ్లీ రాశాను. ముందు ఫైల్ బ్యాకప్ తీసి పెట్టుకున్నాను. పాత పేమెంట్ ఎంట్రీల్లో ఖర్చు ఖాతా తీసేసి "చెల్లించాలి" ఖాతా పెట్టాను, నెలాఖరు జర్నల్స్ కొత్తగా వేశాను.

మా 22 మందికి కలిపి పీఎఫ్ వేతనం నెలకు 3,00,000. ఉద్యోగుల వాటా 36,000, మా వాటా ఇన్సూరెన్సు, అడ్మిన్‌తో కలిపి 39,000. చలానా 75,000. ప్రతి నెలాఖరున పీఎఫ్ చెల్లించాలి ఖాతాలో 75,000 నిల్వ కనిపించింది, తర్వాతి నెల 15 లోపు సున్నా అయింది. ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా గట్లనే నడిచింది. ఫిబ్రవరి 28న చూస్తే 1,50,000. మార్చి 31న కూడా 1,50,000. అక్కడే ఉంది! ఐదు నెలలుగా ఎవరికీ కనిపించనిది ఒక్క లెడ్జర్‌లో ఒక్క స్క్రీన్‌లో కనిపించింది.

పోర్టల్‌లో చూస్తే ECR అప్‌లోడ్ అయింది, TRRN నంబరు కూడా ఉంది. పైసలే పోలేదు. ఆ వారం మేడారం మినీ జాతర, సగం స్టాఫ్ సెలవు, నేను బ్యాంకు సైట్‌లో కొట్టాను, స్క్రీన్ మధ్యలో ఆగింది, చలానా ప్రింట్ ఉంది కదా అని ఫైల్లో పెట్టేశాను. అది కట్టిన రసీదు కాదు, కట్టాల్సిన కాగితం.

సుబేదారి_పేరోల్ · 16 జులై, ఉదయం 6:10

చలానా కాగితాన్ని రసీదు అనుకోవడం నేను కనీసం పది చోట్ల చూశాను, నువ్వొక్కడివే కాదు. ఫైల్లో పెట్టే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ 75,000 లైను కనబడాలి. పాత చలానా ఇప్పుడు తీసుకోకపోతే మళ్లీ తయారుచేసి కట్టెయ్, ఇవాళే.

నెలాఖరు చూసేటప్పుడు ఒకటే నియమం పెట్టుకో. పీఎఫ్ ఖాతాలో ఆ నెల చలానా అంత నిల్వ తప్ప ఇంకేం ఉండొద్దు. ఎక్కువ ఉంటే పాతది కట్టలేదు. తక్కువ ఉంటే కట్టిందే రెండుసార్లు రాశావు, లేదా నెలాఖరు జర్నల్ మరిచిపోయావు. జీతం చెల్లించాలి ఖాతా జీతాలు పోయాక సున్నా కావాలి, కాకపోతే ఎవరిదో ఖాతా నంబరు తప్పుపడి బ్యాంకు వెనక్కి పంపి ఉంటుంది.

కాజీపేట_ట్రేడర్ · ఉదయం 7:30

పెద్ద నష్టమేం లేదులే తమ్మీ. రిటర్న్ వేసేలోపు కడితే ఖర్చు కింద ఒప్పుకుంటరు, సెక్షన్ 43బి అదే చెప్తది. మా సీఏ జీఎస్టీ బకాయిలకు గట్లనే చేసిండు. కట్టేసి మర్చిపో.

సుబేదారి_పేరోల్ · ఉదయం 8:05

అన్నా, ఇందులో సగం నిజం. ఫర్మ్ వాటా 39,000 వరకు మీరు చెప్పింది సరే, రిటర్న్ గడువు లోపు కడితే ఆ ఏడాది ఖర్చులో ఉంటుంది. ఉద్యోగుల వాటా 36,000 సంగతి వేరు. అది వాళ్ల జీతంలోంచి కోసిన పైసలు కాబట్టి ఆదాయపు పన్ను చట్టం దాన్ని ముందు ఫర్మ్ ఆదాయంగా చూస్తుంది, పీఎఫ్ చట్టం పెట్టిన తేదీలోపు కట్టినప్పుడే తీసేయనిస్తుంది. ఆ తేదీ తర్వాతి నెల 15. ఒక్క రోజు దాటినా పోయినట్టే. ఇంతకుముందు కోర్టులు రెండు రకాలుగా చెప్పేవి, 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో తేల్చేసింది, 43బి ఊరట ఉద్యోగుల వాటాకు రాదని.

అందుకే రెండు వాటాలనూ ఒకే ఖాతాలో వేయకుండా, కింద రెండు ఉప ఖాతాలు పెట్టుకుంటే మంచిది. ఉద్యోగుల వాటా ఒకటి, యజమాని వాటా ఒకటి. చలానా ఒకటే అయినా నష్టం వేరువేరుగా వస్తుంది.

తమ్ముడూ, నీ కేసులో లెక్క ఇట్లా. 36,000 మీద ఫర్మ్‌కి 30 శాతం పన్ను, 4 శాతం సెస్, అంటే 11,232 అదనపు పన్ను. ఇది తిరిగి రాదు. ఇంక పీఎఫ్ వాళ్ల వడ్డీ ఏడాదికి 12 శాతం, ఫిబ్రవరి 15 నుంచి జులై 15 దాకా 150 రోజులకు 75,000 మీద దాదాపు 3,700. దాని పైన జరిమానా, 2024 జూన్ నుంచి నెలకు 1 శాతం చేశారు కాబట్టి ఐదు నెలలకు 3,750. వడ్డీ, జరిమానా పీఎఫ్ ఆఫీసు తన లెక్క వేసి పంపిస్తుంది, అప్పుడు కట్టొచ్చు, కానీ ఇప్పుడే సేట్‌కి చెప్పి పెట్టు. కాగితం వచ్చినప్పుడు చెప్తే నీ మీదికే వస్తుంది.

మిర్చియార్డ్_పద్దులు · ఉదయం 8:20

చెప్పాలి... 11,232 నా జీతంలోంచి కోస్తాడేమో అని భయంగా ఉంది. ఇంకోటి అక్కా, పుస్తకాలు మళ్లీ రాస్తుంటే బయటపడింది. మేనేజర్ టీడీఎస్ కట్టినవన్నీ పాత అకౌంటెంట్ పెట్టిన "ఇన్‌కమ్ ట్యాక్స్" అనే ఖాతాలోకే నేనూ వేస్తూ వచ్చాను. దాంతో ఏమైనా అవుతుందా?

సుబేదారి_పేరోల్ · ఉదయం 8:45

అయ్యేది అదే పెద్దది! ఫర్మ్ తన ఆదాయం మీద కట్టే పన్ను ఖర్చు కాదు, కాబట్టి సీఏ ఆఫీసులో ఆ పేరుతో ఖాతా కనిపించగానే లాభానికి కలిపేస్తారు. కానీ నువ్వు కట్టింది ఫర్మ్ పన్ను కాదు, మేనేజర్ జీతంలో భాగం. అంటే న్యాయంగా ఖర్చు కావాల్సిన డబ్బు మీద మీ ఫర్మ్ పన్ను కట్టినట్టు. అంతకుముందు ఏడాది రిటర్న్ కూడా ఒకసారి తీసి చూడు. ఇంకా, నాలుగో క్వార్టర్ జీతాల టీడీఎస్ రిటర్న్ 24క్యూలో ఆయన జీతం గ్రాస్ చూపించి ఉంటారు, పుస్తకంలో నెట్ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఎవరైనా అడిగితే జవాబు ఉండదు.

మట్టెవాడ_సీఏ_ఇంటర్ · మధ్యాహ్నం 1:15

సుబేదారి మేడమ్, ఒక విషయంలో మీతో ఏకీభవించను. మీరు టీడీఎస్‌ని నెలాఖరు జర్నల్‌లోనే క్రెడిట్ చేయమన్నారు. జీతం మీద టీడీఎస్ పుట్టేది జీతం ఇచ్చిన రోజు, ఖర్చు రాసిన రోజు కాదు. కాంట్రాక్టర్ బిల్లు అయితే రాసినా ఇచ్చినా ఏది ముందైతే అప్పుడు, జీతానికి అట్లా లేదు. ఇక్కడ మే జీతం జూన్ 5న ఇస్తే కోత తేదీ జూన్ 5, కట్టాల్సిన గడువు జులై 7. మే 31న టీడీఎస్ చెల్లించాలి అని రాస్తే, దాన్ని చూసి జూన్ 7 గడువు అనుకుంటారు, లేదా 24క్యూలో తేదీ మే 31 అని వేసి లేని ఆలస్యానికి వడ్డీ కడతారు.

సుబేదారి_పేరోల్ · మధ్యాహ్నం 2:00

చట్టం గురించి మీరు చెప్పింది సరే, నేను గడువు గురించి మాట్లాడలేదు. మిర్చియార్డ్ వాళ్లు జీతం ఎప్పుడిస్తారో అడగకుండా రాశాను, అది నా పొరపాటే. నెలాఖరునే ఇచ్చే చోట నా ఎంట్రీ నేరుగా సరిపోతుంది. తర్వాతి నెల 5న ఇచ్చే చోట కూడా నేనైతే జర్నల్ అట్లనే ఉంచి కోత తేదీ మాత్రం 24క్యూలో ఇచ్చిన రోజే వేస్తాను. ఎందుకంటే జీతం చెల్లించాలి ఖాతాలో 1,23,000 చూపించి, ఇచ్చిన రోజు మళ్లీ విడగొట్టమంటే, చిన్న ఆఫీసుల్లో ఆ రెండో ఎంట్రీ మరిచిపోతారు.

మట్టెవాడ_సీఏ_ఇంటర్ · మధ్యాహ్నం 2:20

మరిచిపోతారని తప్పు తేదీతో అప్పు చూపిస్తామా? మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో ఇంకా కోయని టీడీఎస్‌ని ప్రభుత్వానికి బాకీ అని రాస్తే ఆడిటర్ అడగడా?

సుబేదారి_పేరోల్ · మధ్యాహ్నం 2:40

నన్ను ఇన్నేళ్లలో ఒకరిద్దరు అడిగారు, వివరిస్తే ఒప్పుకున్నారు. మీ పద్ధతి స్వచ్ఛమైనది, నాది ఆఫీసులో నడిచేది. మార్చి జీతం ఏప్రిల్‌లో ఇచ్చినప్పుడు మాత్రం ఇద్దరం ఇరుక్కుంటాం, ఉద్యోగికి ఆ జీతం మార్చి ఏడాది ఆదాయం, కోత ఏమో ఏప్రిల్‌లో. నేను మా దగ్గర మార్చి జీతం 31లోపే ఇప్పించేలా సేట్‌ని ఒప్పించి తప్పించుకున్నాను.

పోచమ్మమైదాన్_గిరి · మధ్యాహ్నం 3:30

తేదీల మాట వచ్చింది కాబట్టి చెప్తున్న. మా దగ్గర నెలాఖరు 31నే జీతం ఇస్తాం, టీడీఎస్ ఒకసారి 7న కాకుండా 9న కట్టినం. రెండు రోజులే కదా అనుకుంటే రెండు నెలల వడ్డీ పడ్డది, నెలకు ఒకటిన్నర శాతం. కోసిన నెల ఒకటి, కట్టిన నెల ఒకటి అని లెక్కబెట్టారు. 8,125 మీద అయితే 244 రూపాయలు. చిన్నదే కానీ ప్రతి మనిషికీ వచ్చింది.

మిర్చియార్డ్_పద్దులు · సాయంత్రం 6:50

మా దగ్గర జీతాలు నెల 30 లేదా 31నే ఇస్తాం, కాబట్టి అక్క ఎంట్రీ మాకు సరిపోతుంది. సీఏ అన్నా, మీరు చెప్పింది కూడా నోట్ చేసుకున్నా.

సేట్‌కి మధ్యాహ్నం చెప్పేశాను. మొదట అరిచాడు. తర్వాత ఆ లెడ్జర్‌లో 1,50,000 చూపిస్తే "మరి ఇది ఇన్నాళ్లు ఎందుకు కనిపించలే" అన్నాడు, నెట్ రాసే పద్ధతి చెప్పాను. జీతం కోత గురించి ఏం అనలేదు, నేను కూడా అడగలేదు. 2024-25 పుస్తకాలు ఇంకా సీఏ గారి దగ్గర ఫైనల్ కాలేదట, కాబట్టి జనవరి జర్నల్ జనవరి తేదీతోనే ఉంచమన్నారు. ఇన్‌కమ్ ట్యాక్స్ ఖాతా సంగతి వినగానే అంతకుముందు ఏడాది ఫైల్ కూడా తీస్తామన్నారు, అందులో ఏం బయటపడుతుందో.

కొత్త చలానా చేసి 75,000 కట్టాను. ఈసారి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో లైను చూసి, దాని ప్రింట్ తీసి చలానాకి పిన్ను కొట్టాను.

కరీంనగర్_టీచరమ్మ · రాత్రి 8:15

నేను మా స్కూల్ ఆఫీసులో అడిగాను. "అందరికీ ఇట్లనే, మీకొక్కరికేనా" అన్నారు. చేరినప్పుడు పంపిన మెసేజ్ దొరికింది, "చేతికి" అని లేదు, "జీతం" అని మాత్రమే ఉంది. ఇప్పుడు దీన్ని గ్రాస్ అనుకోవాలా, సీటీసీ అనుకోవాలా?

పోచమ్మమైదాన్_గిరి · రాత్రి 8:40

స్కూల్ వాళ్లు పుస్తకంలో ఏ ఖర్చు రాస్తున్నరో చూస్తే తెలుస్తది, కానీ అది మీకు చూపించరు మేడమ్. తోటి టీచర్ల పాత స్లిప్పులు ఏమన్న ఉన్నాయేమో చూడండి, పీఎఫ్ మొదలుపెట్టక ముందు నెలవి, ఆ నెలకి ఈ నెలకి పైన మొత్తం మారిందా లేదా.

మిర్చియార్డ్_పద్దులు · 18 జులై, ఉదయం 10:05

చిన్న అప్‌డేట్. పోర్టల్‌లో జనవరి చలానా కట్టినట్టు చూపిస్తోంది, లెడ్జర్‌లో నిల్వ 75,000 తగ్గింది. గుమాస్తా పొద్దున మళ్లీ ఫోన్ పట్టుకొని వచ్చాడు, పాస్‌బుక్‌లో ఇంకా పడలేదు.